ఇంట్లో వైఫై ప్రింటర్: పది నిమిషాల పని



ప్రాజెక్టు వర్కుల కోసం చాలామంది ఇంట్లో వైఫై ప్రింటర్ పెట్టుకున్నారు. పిల్లల ఆధార్, మార్కుల మెమోలు స్కాన్ చేసేదీ దాంట్లోనే. ఆ ప్రింటర్‌లో ఒక చిన్న వెబ్ పేజీ ఉంటుంది. స్కాన్ ఏ ఈమెయిల్‌కు, ఏ ఫోల్డర్‌కు వెళ్లాలో అక్కడే మార్చవచ్చు. కంపెనీ పెట్టిన అడ్మిన్ పాస్‌వర్డ్ అలాగే ఉంటే, మీ వైఫైలోకి వచ్చినవారెవరైనా ఆ మార్పు చేయగలరు.

ఒక్కో ప్రింటర్‌కు వేరే పాస్‌వర్డ్ ఉందన్నా ధీమా వద్దు. 2025 జూన్‌లో రాపిడ్7 అనే భద్రతా సంస్థ ఒక లోపాన్ని బయటపెట్టింది. వందలాది బ్రదర్ మోడళ్లలో మొదటి పాస్‌వర్డ్‌ను సీరియల్ నంబరు నుంచే లెక్కగట్టవచ్చు. చాలా మోడళ్లలో ఆ నంబరును నెట్‌వర్క్ మీదే తెలుసుకోవచ్చు కూడా. అప్పటికే తయారైన ప్రింటర్లకు అప్‌డేట్ ఒక్కటే చాలదు, పాస్‌వర్డ్ మనమే మార్చాలి.

బ్రదర్ ప్రింటర్‌నే ఉదాహరణగా చూద్దాం. ముందు ప్రింటర్ మెనూ నుంచి నెట్‌వర్క్ రిపోర్టు ప్రింట్ తీయండి. అందులో ఐపీ అడ్రస్ ఉంటుంది. అది 192.168.1.34 అనుకుంటే, అదే వైఫైలో ఉన్న ఫోన్ లేదా ల్యాప్‌టాప్ బ్రౌజర్‌లో ఆ అంకెలు టైప్ చేయండి. పేజీ సురక్షితం కాదని హెచ్చరిక రావచ్చు. అడ్రస్ రిపోర్టులో ఉన్నదే అయితే ముందుకు వెళ్లవచ్చు. ప్రింటర్ వెనుక స్టిక్కర్ మీద "Pwd" పక్కన ఉన్న పాస్‌వర్డ్‌తో లాగిన్ అయి, Administrator ట్యాబ్‌లో Login Password మార్చండి. కొత్తది డైరీలో రాసుకోండి. మరిచిపోతే ఫ్యాక్టరీ రీసెట్ చేయాల్సి రావచ్చు, అప్పుడు వైఫై సెట్టింగులూ పోతాయి.

తర్వాత Network ట్యాబ్‌లో Protocol తెరవండి. Telnet, FTP ఇంట్లో దాదాపు ఎవరికీ అవసరం ఉండవు. టిక్ తీసి Submit నొక్కండి. AirPrint, IPP మాత్రం తీయకండి, ఫోన్ నుంచి ప్రింట్ వచ్చేది వాటి ద్వారానే. SNMP తీసేస్తే కొన్ని విండోస్ కంప్యూటర్లలో ప్రింటర్ బాగానే ఉన్నా "Offline" అని చూపిస్తుంది. అందుకే ఒక్కసారి ఒక్కటే తీసి, ఫోన్ నుంచీ ల్యాప్‌టాప్ నుంచీ ఒక్కో పేజీ ప్రింట్ ఇచ్చి చూడండి. ఏదైనా ఆగితే చివరగా తీసిన టిక్ తిరిగి పెడితే సరిపోతుంది.

వేరే కంపెనీ ప్రింటర్లలో పేర్లు కొంచెం మారతాయి, పని ఇదే.

ఒక్క మాట గుర్తుంచుకోండి. ఈ పాస్‌వర్డ్ సెట్టింగులకే కాపలా. మీ వైఫైలో ఉన్నవారు ప్రింట్ ఇవ్వకుండా ఇది ఆపదు. ఇంటికి వచ్చినవారందరికీ వైఫై పాస్‌వర్డ్ చెప్పి ఉంటే, ఇదే రోజు దాన్నీ మార్చేయండి. అప్పుడు ప్రింటర్‌లోనూ కొత్తది ఎక్కించడం మరవకండి.