మూలాలు కనుక్కోకుండానే స్థిరత్వం తేల్చే రౌత్ పట్టిక

ఉపగ్రహం వైపు డిష్ యాంటెన్నాను తిప్పే మోటారుకు ఒక నియంత్రణ వ్యవస్థ ఉంటుంది. డిష్ ఉండాల్సిన కోణానికీ, ఉన్న కోణానికీ మధ్య తేడాను అది కొలుస్తుంది. ఆ తేడాను కొన్ని రెట్లు పెంచి మోటారుకు పంపుతుంది. ఎన్ని రెట్లు పెంచాలో నిర్ణయించే సంఖ్యను గెయిన్ అంటారు, దాన్ని K తో సూచిస్తారు. K తక్కువైతే డిష్ నెమ్మదిగా కదులుతుంది. మరీ ఎక్కువైతే లక్ష్యాన్ని దాటిపోయి, వెనక్కి వచ్చి, మళ్లీ దాటిపోతూ ఊగిసలాట అంతకంతకూ పెరుగుతుంది. ఈ రెండు స్థితుల మధ్య గీత ఎక్కడుందన్నదే అసలు ప్రశ్న. గేట్ వంటి ఇంజనీరింగ్ పరీక్షల్లో కంట్రోల్ సిస్టమ్స్ విభాగంలో తరచూ అడిగేదీ ఇదే.

ఇలాంటి ఒక వ్యవస్థలో ఓపెన్ లూప్ ప్రమేయం K/[s(s+2)(s+4)] అనుకుంటే, యూనిటీ ఫీడ్‌బ్యాక్‌తో దాని లాక్షణిక సమీకరణం ఇలా వస్తుంది: s³ + 6s² + 8s + K = 0. తొందరలో చాలామంది హారాన్ని మాత్రమే సున్నాకు సమానం చేస్తారు. సున్నాకు సమానం చేయాల్సింది 1 + G(s)H(s) ను. K సమీకరణంలోకి వచ్చేది అప్పుడే.

ఈ సమీకరణపు మూలాలన్నింటికీ వాస్తవ భాగం రుణాత్మకంగా ఉంటే వ్యవస్థ స్థిరం. ఒక్క మూలానికి వాస్తవ భాగం ధనాత్మకమైనా ఊగిసలాట లేదా విచలనం కాలంతో పాటు పెరుగుతూ పోతుంది. మూడో ఘాతం నుంచి మూలాలను చేతితో కనుక్కోవడం కష్టం. పైగా ఇక్కడ K విలువే తెలియదు. అయితే స్థిరత్వం తేల్చడానికి మూలాల విలువలు అక్కర్లేదు, అవి ఏ వైపున ఉన్నాయో తెలిస్తే చాలు. గుణకాల నుంచే ఆ సంగతి రాబట్టే పద్ధతిని ఎడ్వర్డ్ జాన్ రౌత్ 1877లో కేంబ్రిడ్జ్‌లో ఆడమ్స్ బహుమతి పొందిన తన గ్రంథంలో వివరించాడు. అంతకు ముందు 1868లో జేమ్స్ క్లార్క్ మాక్స్‌వెల్ ఆవిరి యంత్రాల గవర్నర్ల మీద రాసిన పత్రంలో మూడో ఘాతానికి షరతు చెప్పగలిగినా, ఎక్కువ ఘాతాలకు సాధారణ నియమం ఇవ్వలేకపోయాడు. 1895లో అడాల్ఫ్ హర్విట్జ్ టర్బైన్ల నియంత్రణ సమస్య నుంచి బయలుదేరి, ఇదే ఫలితాన్ని నిర్ధారకాల రూపంలో సాధించాడు. అందుకే పాఠ్యపుస్తకాల్లో ఇద్దరి పేర్లూ కలిపే కనిపిస్తాయి.

పట్టిక వేసే తీరు సులభం. మొదటి అడ్డు వరుసలో s³, s గుణకాలు, రెండో వరుసలో s² గుణకం, స్థిర పదం రాయాలి. మూడో వరుసలోని విలువ కోసం పై రెండు వరుసల్లోని నాలుగు సంఖ్యలను తీసుకోవాలి. రెండో వరుస మొదటి సంఖ్యను మొదటి వరుస రెండో సంఖ్యతో గుణించి, అందులోంచి మిగిలిన రెండింటి లబ్ధాన్ని తీసివేసి, వచ్చినదాన్ని రెండో వరుస మొదటి సంఖ్యతో భాగించాలి. ఇక్కడ అది (6×8 − 1×K)/6.

```
s^3 |  1          8
s^2 |  6          K
s^1 |  (48-K)/6   0
s^0 |  K
```

ఇక చూడాల్సింది మొదటి నిలువు వరుసను మాత్రమే. అందులో గుర్తు ఎన్నిసార్లు మారితే అన్ని మూలాలు కుడి వైపున, అంటే అస్థిర ప్రాంతంలో ఉన్నట్టు. గుర్తు ఎక్కడా మారకూడదంటే K సున్నా కన్నా ఎక్కువగా, 48 కన్నా తక్కువగా ఉండాలి.

K = 60 అయితే సమీకరణం s³ + 6s² + 8s + 60 = 0 అవుతుంది. గుణకాలన్నీ ధనాత్మకమే. అది చూసి వ్యవస్థ స్థిరమని గుర్తు పెట్టేస్తే జవాబు తప్పుతుంది. మొదటి, రెండో ఘాతాలకు ఆ పరీక్ష చాలు. మూడో ఘాతం నుంచి అది అవసరమైన షరతే తప్ప సరిపోయే షరతు కాదు. పట్టికలో మొదటి నిలువు వరుస 1, 6, −2, 60 అని వస్తుంది. ఇందులో రుణ సంఖ్య ఒకటే ఉన్నా గుర్తు మారింది రెండుసార్లు: 6 నుంచి −2 కు ఒకసారి, −2 నుంచి 60 కి మరోసారి. కాబట్టి కుడి వైపున రెండు మూలాలు ఉన్నాయి. లెక్కపెట్టాల్సింది మార్పులను, రుణ సంఖ్యలను కాదు.

సరిగ్గా K = 48 వద్ద s¹ వరుస మొత్తం సున్నా అవుతుంది. ఇది లెక్కలో పొరపాటు కాదు, ఒక సమాచారం. అప్పుడు పై వరుసతో సహాయక సమీకరణం రాయాలి: 6s² + 48 = 0. దీని నుంచి s² = −8, అంటే s = ±j2.83. డిష్ సెకనుకు 2.83 రేడియన్ల కోణీయ పౌనఃపున్యంతో, సుమారు 2.2 సెకన్లకు ఒకసారి చొప్పున, పెరగకుండా తగ్గకుండా ఊగుతూ ఉంటుంది. 48 ఎందుకు వచ్చిందో ఇక్కడే తెలుస్తుంది. (s+6)(s²+8) ను గుణిస్తే s³ + 6s² + 8s + 48 వస్తుంది. శుద్ధ ఊగిసలాటను సూచించే s²+8 కారణాంకంగా ఉన్నప్పుడు మధ్య గుణకాల లబ్ధం, చివరి గుణకాల లబ్ధం సమానమవుతాయి. మూడో ఘాతంలో గుణకాలన్నీ ధనాత్మకమై, మధ్య లబ్ధం పెద్దదైతే వ్యవస్థ స్థిరం. పరీక్షలో పట్టిక వేయకుండానే జవాబు సరిచూసుకోవడానికి ఇది పనికొస్తుంది.

నాలుగో ఘాతం, ఆపై సమీకరణాల్లో మరో జాగ్రత్త అవసరం. మధ్యలో ఏదైనా పదం లేకపోతే ఆ స్థానంలో 0 రాయాలి. అది వదిలేస్తే సంఖ్యలన్నీ ఒక గడి జరిగిపోయి పట్టిక మొత్తం తప్పుతుంది. లెక్క తేలిక కావడానికి ఒక వరుసను ధన సంఖ్యతో భాగించవచ్చు. రుణ సంఖ్యతో భాగిస్తే గుర్తులు తారుమారవుతాయి.

అయితే పట్టిక చెప్పే ‘స్థిరం’ అనే మాటకు పరిమితి ఉంది. K = 47 కూడా దాని ప్రకారం స్థిరమే. కానీ అప్పుడు ఊగిసలాటకు కారణమైన మూలాల వాస్తవ భాగం దాదాపు −0.011 మాత్రమే. ఊపు మొదటి ఎత్తులో 37 శాతానికి తగ్గడానికి దాదాపు 87 సెకన్లు పడుతుంది. అంటే ఆ లోపు డిష్ దాదాపు 40 సార్లు ఊగుతుంది. అలాంటి యాంటెన్నా పనికిరాదు.

దీనికీ అదే పట్టికలో మార్గం ఉంది. మూలాలన్నీ −0.5 కు ఎడమ వైపునే ఉండాలని కోరుకుంటే, s స్థానంలో z − 0.5 రాయాలి. అప్పుడు సమీకరణం z³ + 4.5z² + 2.75z + (K − 2.625) = 0 అవుతుంది. దీనికి మళ్లీ పట్టిక వేస్తే, చివరి పదం ధనాత్మకం కావడానికి K 2.625 కన్నా ఎక్కువ ఉండాలి. 4.5×2.75 = 12.375 కాబట్టి, K − 2.625 దానికన్నా తక్కువ ఉండాలి. అంటే K 15 కన్నా తక్కువ. కేవలం స్థిరత్వం కోసం 48 వరకు అనుమతి దొరికిన గెయిన్, ఊపు త్వరగా చల్లారాలనేసరికి 15 దగ్గరే ఆగిపోయింది.

గుణకాలు కచ్చితంగా తెలిసినప్పుడే ఈ లెక్కలు నిలుస్తాయి. సంకేతం చేరడంలో ఆలస్యం ఉంటే సమీకరణంలో ఘాతాంక పదం వస్తుంది, అది బహుపది కాదు. అప్పుడు పట్టికను నేరుగా వాడలేం. ఆలస్యాన్ని ఏదైనా బహుపదుల నిష్పత్తితో ఉజ్జాయింపు చేశాకే వాడవచ్చు, వచ్చే హద్దు కూడా ఉజ్జాయింపే అవుతుంది.