అమ్మకూ ఒక పళ్లెం

"పొద్దుటి నుంచి ఏమీ తినలేదు, అయినా లావు తగ్గడం లేదు." పిల్లలున్న ఇళ్లలో ఈ మాట మేము తరచుగా వింటుంటాం. చెప్పే తల్లి అబద్ధం ఆడడం లేదు. ఆమె నిజంగానే కూర్చుని పళ్లెం ముందు పెట్టుకుని తినలేదు. కానీ తినకపోవడం వేరు, పళ్లెం పెట్టుకోకపోవడం వేరు. ఇంటి పట్టున ఉండి పిల్లలను చూసుకునే తల్లి ఒంట్లో కొవ్వు ఎందుకు పేరుకుంటుందో, దాన్ని తగ్గించడానికి ఎంత చిన్న కట్టుబాటు చాలునో ఈ వ్యాసంలో లెక్కతో సహా వివరిస్తాం. ఇంట్లో పిల్లలను చూసుకునేది తండ్రి అయినా, నానీ అయినా లెక్క ఇదే.

ఒక రోజు లెక్క

ఉదాహరణకు ఇద్దరు పిల్లల తల్లిని తీసుకుందాం. వయసు 34, ఎత్తు 155 సెంటీమీటర్లు, బరువు 72 కిలోలు. పెద్దవాడు బడికి వెళతాడు, చిన్నమ్మాయి ఇంట్లోనే ఉంటుంది. ఆమె రోజు ఇలా గడుస్తుంది.

ఫజర్ తర్వాత ఒక చాయ్. ఎనిమిదింటికి పిల్లాడిని బడికి పంపాక, ఇద్దరూ వదిలేసిన దోసె ముక్కలు చట్నీతో నోట్లో వేసుకుంటుంది. అన్నీ కలిపితే ఒక దోసె. పదకొండింటికి మళ్లీ చాయ్, నాలుగు క్రీమ్ బిస్కెట్లు. మధ్యాహ్నం చిన్నమ్మాయికి పప్పు, నెయ్యి కలిపి అన్నం పెడుతుంది. పాప సగంలో లేచిపోతే మిగిలిన ఐదారు ముద్దలు వంటింట్లో నిలబడే తినేస్తుంది. 'ఇక మళ్లీ అన్నం ఎందుకులే' అని తన భోజనం మానేస్తుంది. సాయంత్రం పిల్లాడి బాక్సులో మిగిలొచ్చిన నిమ్మకాయ పులిహోర, చాయ్, గుప్పెడు మిక్చర్. రాత్రి అందరూ తిన్నాక తొమ్మిదిన్నరకు ఆకలి ఆగక పెద్ద పళ్లెం నిండా అన్నం, కూర, వేపుడు తింటుంది.

ఇప్పుడు లెక్క వేద్దాం. రెండు చెంచాల చక్కెరతో మూడు చాయ్‌లకు సుమారు 240 క్యాలరీలు. దోసె ముక్కలు 150, బిస్కెట్లు 200, పప్పన్నం ముద్దలు 180, పులిహోర 150, మిక్చర్ 160. అంటే 'ఏమీ తినని' పగలంతా కలిపి 1,080 క్యాలరీలు. రాత్రి భోజనం మరో 900. మొత్తం 1,980. ఆ ఎత్తు, బరువు ఉండి ఇంటిపని చేసుకునే స్త్రీకి రోజుకు ఖర్చయ్యేది దాదాపు రెండు వేలు. అందుకే ఆమె బరువు తగ్గదు. పెళ్లిళ్లు, పండుగల నెలల్లో ఇంకాస్త పెరుగుతుంది.

'భోజనం మానేస్తే శరీరం కొవ్వును దాచుకుంటుంది' అని చాలామంది అనుకుంటారు. ఒకటి రెండు పూటలు మానినంత మాత్రాన అలా జరగదు. మానిన భోజనం ముక్కలు ముక్కలుగా వేరే దారిలో లోపలికి వెళుతుంది, అంతే. పైగా ఆ ముక్కల్లో ఏముంది? బియ్యం, మైదా, చక్కెర, నూనె. గుడ్డు, పప్పు, పెరుగు, కూరగాయలు చాలా తక్కువ. మాంసకృత్తులు లేని తిండితో కడుపు నిండిన భావన ఎక్కువసేపు నిలవదు, అందుకే గంటకే మళ్లీ చెయ్యి డబ్బా మీదికి వెళుతుంది.

మార్చవలసినవి మూడే

మొదటిది, వేళ. ఉదయం ఎనిమిదిన్నర లోపు, మధ్యాహ్నం ఒంటిగంటకు, సాయంత్రం నాలుగున్నరకు, రాత్రి ఎనిమిదికి తినాలి. అరగంట అటూ ఇటూ అయినా ఫరవాలేదు. పాప తినేటప్పుడే తల్లి కూడా పక్కన కూర్చుని తింటే మధ్యాహ్నం వేళ తప్పదు. 'పాప పడుకున్నాక తింటాను' అంటేనే ఆ భోజనం జారిపోతుంది.

రెండవది, పళ్లెం. ఏది తిన్నా సొంత పళ్లెంలో వడ్డించుకుని కూర్చునే తినాలి. పళ్లెంలో సగం కూరలు, సలాడ్. పావు భాగం అన్నం లేదా రొట్టెలు. పావు భాగం పప్పు, గుడ్డు, చికెన్, చేపల్లో ఏదో ఒకటి. పక్కన చిన్న గిన్నెలో పెరుగు. వీలైనంతవరకు ఈ కొలత పాటిస్తే చాలు, తక్కెడ అక్కరలేదు.

మూడవది, మిగుళ్లు. దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి.

మిగిలినది ఎవరి బాధ్యత?

పిల్లల ఎంగిలి తల్లి తినడానికి కారణం తిండి యావ కాదు. పారేయడానికి మనసొప్పదు. అన్నం వృథా చేయడం ఇస్రాఫ్ అని మన ఇళ్లలో చిన్నప్పటి నుంచి నేర్పుతారు. ఆ బాధ సరైనదే. కానీ ఒక విషయం గమనించాలి. కడుపు నిండినవారి కడుపులోకి పంపినంత మాత్రాన ఆ అన్నం వృథా కాకుండా పోదు. అక్కరలేని తిండి చెత్తబుట్టలో పడినా, నడుము చుట్టూ చేరినా ఎవరి ఆకలీ తీరలేదు. వృథా మొదలయ్యేది పళ్లెం చివర కాదు, గరిటె దగ్గర. అందుకే అక్కడే ఆపాలి.

పాపకు ఒకేసారి దోసె మొత్తం వేయకుండా సగం వేయండి. అడిగితే మిగతా సగం వేయండి. అన్నం రెండు ముద్దలకు సరిపడా మాత్రమే కలపండి. కలపని అన్నం గిన్నెలోనే శుభ్రంగా ఉంటుంది. బడి బాక్సు వారంలో మూడు రోజులు మిగిలొస్తోందంటే అది పిల్లాడి తప్పు కాదు, బాక్సు పెద్దదైందని అర్థం. ఒక సైజు చిన్న బాక్సు పెట్టి, ఇంటికి రాగానే ఒక పండో, గుడ్డో ఇవ్వండి.

చెయ్యి తగలని అన్నం, కూర చల్లారిన వెంటనే మూతపెట్టి ఫ్రిజ్‌లో పెడితే మరుసటి పూట లెక్కలోకి వస్తాయి. అన్నాన్ని గంటల తరబడి బయట ఉంచి, తర్వాత వేడి చేసినా క్షేమం కాదు. ఎంగిలి అయినది కోళ్లకో, మేకకో, మొక్కల ఎరువుకో వెళ్లాలి. ఇంతచేసినా నోట్లో వేసుకోవాలనిపిస్తే ఒక చిన్న నియమం: ఆ ముక్కలను మీ పళ్లెంలో పెట్టుకుని, దానికి బదులు మీ అన్నం అంత తగ్గించండి. అప్పుడు అది భోజనంలో భాగమే అవుతుంది, అదనం కాదు.

మారిన రోజు

అదే తల్లి, అదే వంటిల్లు. పొద్దున, సాయంత్రం ఒక్కో చెంచా చక్కెరతో రెండు చాయ్‌లు: 120. ఉదయం మూడు ఇడ్లీలు, ఉడికించిన గుడ్డు, సాంబారు: 280. మధ్యాహ్నం ఒకటిన్నర కప్పు అన్నం, కప్పు పప్పు, బెండకాయ కూర, చిన్న గిన్నెడు పెరుగు: 610. సాయంత్రం గుప్పెడు వేయించిన శనగలు, ఒక జామకాయ: 170. రాత్రి రెండు చపాతీలు, రెండు మూడు ముక్కల చికెన్ కూర, కీరా ముక్కలు: 430. మొత్తం 1,610.

ఆమె ఇప్పుడు మూడు పూటలా కూర్చుని తింటోంది, అయినా రోజుకు 370 క్యాలరీలు తగ్గాయి. కిలో కొవ్వులో సుమారు 7,700 క్యాలరీలు ఉంటాయి కనుక, లెక్క ప్రకారం మూడు వారాలకు ఒక కిలో తగ్గాలి. దావత్‌లు, జ్వరాలు, బంధువుల రాకలు ఉండే నిజమైన నెలలో కిలో తగ్గితే బాగానే తగ్గినట్టు. అంతకన్నా వేగంగా తగ్గాలని అన్నం పూర్తిగా మానేస్తే రెండో వారానికే పాత పద్ధతి తిరిగొస్తుంది.

సరిగ్గా సాగుతోందని ఎలా తెలుస్తుంది?

వారానికి ఒక్కసారి, ఒకే రోజున, పరగడుపున బరువు చూసుకోండి. రోజూ చూస్తే కంగారే మిగులుతుంది. నెలసరి ముందు నీరు చేరి కిలో దాకా పెరగవచ్చు, ఉప్పు ఎక్కువైన బిర్యానీ తిన్న మరునాడూ అంతే. అది కొవ్వు కాదు. అందుకే ఈ వారాన్ని పోయిన నెల ఇదే వారంతో పోల్చాలి. రెండు వారాలకోసారి టేపుతో నడుము కొలవండి. మన దేశంలో స్త్రీలకు 80, పురుషులకు 90 సెంటీమీటర్లు దాటితే చక్కెర వ్యాధి, గుండె జబ్బుల ముప్పు పెరుగుతుందని వైద్యులు లెక్కిస్తారు.

నాలుగు వారాలైనా టేపు, త్రాసు రెండూ కదలకపోతే భోజనం తగ్గించే ముందు మూడు చోట్ల వెతకండి. ఒకటి నూనె: ఒక పెద్ద చెంచా నూనెలో సుమారు 120 క్యాలరీలు ఉంటాయి, డబ్బాతో వంచితే ఎంత పడిందో తెలియదు. రెండు, చాయ్‌ల సంఖ్య. మూడు, వంట చేస్తూ రుచి చూసే గరిటెలు. సాధారణంగా ఈ మూడింట్లో ఒకచోట దొరుకుతుంది.

ఎవరు ముందుగా వైద్యుడిని అడగాలి?

చక్కెర వ్యాధికి ఇన్సులిన్ గానీ, గ్లిమిపిరైడ్ వంటి మాత్రలు గానీ వాడే తల్లి భోజనం మానితే ప్రమాదం. మందు పనిచేస్తూనే ఉంటుంది, లోపలికి తిండి రాదు. చెమట, వణుకు, కళ్లు తిరగడం, స్పృహ తప్పడం దాకా వెళ్లవచ్చు. ఆ సమయంలో ఇంట్లో ఆమెతో ఉండేది ఒక్క రెండేళ్ల పాపే కావచ్చు. అటువంటివారు తిండి కొలత మార్చేముందు మందు కొలత గురించి వైద్యుడితో మాట్లాడాలి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు బరువు తగ్గే లెక్క పెట్టుకోకూడదు. వేళకు తినే పద్ధతి మాత్రం వారికీ మేలే. ఎప్పుడూ నీరసం, జుట్టు రాలడం, నెలసరి తప్పడం ఉంటే థైరాయిడ్, రక్తహీనత పరీక్షలు చేయించుకోవాలి.

రోజా ఉండడం కూడా భోజనం మానడమే కదా అని కొందరు అడుగుతారు. రెండింటికీ తేడా ఉంది. రోజాకు సహ్రీ, ఇఫ్తార్ అనే వేళలు ఉన్నాయి, మధ్యలో చెయ్యి డబ్బా మీదికి వెళ్లదు. రంజాన్‌లో బరువు పెరిగిందంటే కారణం ఇఫ్తార్ తర్వాతి సమోసాలు, షర్బత్‌లే. ఆ నెలలోనూ పళ్లెం కొలత అదే.

చివరగా, ఈ సంచికను చదివే సోదరులకు ఒక మాట. మీ ఇంట్లో అందరూ తిన్నాకే ఆమె తినే అలవాటు ఉంటే, రాత్రి ఎనిమిదికి మీరు ఇంటికి చేరి పాపను మీ ఒళ్లో కూర్చోబెట్టుకోండి. దస్తర్‌ఖాన్ మీద ఆమె పళ్లెం కూడా మీ పళ్లెంతో పాటే పెట్టించండి. పైన చెప్పిన మూడు మార్పుల్లో మొదటి రెండూ ఆ ఒక్క పనితో సగం పూర్తవుతాయి.