బస్తా ఫోటో చూసి ఎరువు చదవడం: వేరుశనగకు 20-20-0-13 సరిపోతుందా?



వర్షాధార వేరుశనగ వేసే ఒక రైతు, షాపులో తీసిన బస్తా ఫోటో వాట్సాప్‌లో పంపి "ఇది మన పంటకు పనికొస్తుందా సార్" అని అడిగారు. ఇప్పుడు సబ్సిడీ ఎరువుల బస్తాలన్నీ 'భారత్' పేరుతోనే వస్తున్నాయి. ఏ కంపెనీదైనా ముందువైపు ఒకేలా ఉంటుంది. కాబట్టి రంగు, పేరు చూసి లాభం లేదు. మధ్యలో గీతలతో రాసిన అంకెలే చూడాలి.

ఆ ఫోటోలో 20-20-0-13 అని ఉంది. వరుస ఎప్పుడూ మారదు: మొదట నత్రజని, తర్వాత భాస్వరం, మూడోది పొటాష్. నాలుగో అంకె ఉంటే అది గంధకం. ఇవన్నీ వంద కిలోలకు లెక్క. 50 కిలోల బస్తా అయితే సగం చేయాలి. అంటే ఇందులో నత్రజని 10 కిలోలు, భాస్వరం 10 కిలోలు, గంధకం ఆరున్నర కిలోలు. పొటాష్ సున్నా. ఫోటోలో బస్తా మడత పడి చివరి అంకె కనపడకపోతే, సరిచేసి మళ్లీ తీయమనండి. నికర బరువు కూడా కనపడాలి, ఎందుకంటే అన్ని బస్తాలూ 50 కిలోలు కావు. యూరియా బస్తా 45 కిలోలే.

ఇక పంట సంగతి. వర్షాధార వేరుశనగకు ఎకరాకు సిఫారసు నత్రజని 8, భాస్వరం 16, పొటాష్ 20 కిలోలు. భాస్వరం 16 కిలోలు ఈ ఒక్క ఎరువుతోనే ఇవ్వాలంటే 80 కిలోలు వేయాలి. అప్పుడు నత్రజని కూడా 16 కిలోలు పడుతుంది, అంటే కావలసినదానికి రెట్టింపు. చేను పచ్చగా, గుబురుగా కనపడి చూడ్డానికి బాగానే ఉంటుంది కానీ కాయ తగ్గుతుంది. పొటాష్ మాత్రం ఒక్క కిలో కూడా అందదు.

అలాగని బస్తా కొనేసి ఉంటే పారేయనక్కర్లేదు. ఎకరాకు ఒక్క బస్తా మాత్రమే వేయండి. మిగిలిన 6 కిలోల భాస్వరం కోసం సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ 38 కిలోలు, పొటాష్ కోసం మ్యూరేట్ ఆఫ్ పొటాష్ 33 కిలోలు కలిపి ఆఖరి దుక్కిలో వేస్తే లెక్క కుదురుతుంది. నత్రజని 2 కిలోలు ఎక్కువవుతుంది, అంతే. ఇక యూరియా జోలికి పోవద్దు. ఇంకా కొనకపోతే సూపర్ రెండు బస్తాలు, అంటే 100 కిలోలు తీసుకోవడమే నా మాట. భాస్వరం మొత్తం అందులోనే వస్తుంది, పైగా గంధకం, కాల్షియం కూడా ఉంటాయి. దానికి యూరియా 18 కిలోలు, పొటాష్ పైన చెప్పినంతే. ఏది వేసినా పూత దశలో ఎకరాకు 200 కిలోల జిప్సం మామూలే. మీ భూసార పరీక్ష కార్డులో పొటాష్ ఎక్కువ అని ఉంటే, మోతాదు తగ్గించే ముందు రైతు సేవా కేంద్రంలో చూపించండి.

ఒక్కటి గుర్తుంచుకోండి. ఫోటో బస్తా మీద రాసింది చెబుతుంది, లోపల ఉన్నది చెప్పదు. కుట్టు విప్పి మళ్లీ కుట్టినట్టున్నా, బ్యాచ్ నంబరు చెరిపినట్టున్నా తీసుకోవద్దు. ఈ-పాస్ మిషన్ రసీదు అడిగి దాచుకోండి. అనుమానం వస్తే బస్తా విప్పకుండా మండల వ్యవసాయాధికారికి చెప్పండి, శాంపిల్ తీసి ల్యాబ్‌కు పంపుతారు.