సందేహాలు – సమాధానాలు: ఐదు ముక్కల నాట్యం

ప్రశ్న: శిల్పారామంలో మా పాప వాళ్ల కూచిపూడి బృందం ప్రదర్శన ఇచ్చింది. వీడియోగ్రాఫర్ ఎడిట్ చేసి ఇచ్చిన ఫైల్ 3 గంటల 20 నిమిషాల 5 సెకన్లు, 7.2 జీబీ. డల్లాస్‌లో ఉన్న మా అక్కకి వాట్సాప్‌లో పంపాలి. 2 జీబీ దాటితే తీసుకోవడం లేదు. సమానంగా ఎలా కోయాలి?
– ఒక పాఠకురాలు, లింగంపల్లి

జవాబు: 7.2ను 2తో భాగిస్తే 3.6, అంటే నాలుగు ముక్కలు చాలుననిపిస్తుంది. చాలకపోవచ్చు. నిడివి సమానమైనంత మాత్రాన సైజు సమానం కాదు. ప్రసంగాలు, సన్మానాలు జరుగుతున్నంతసేపూ తెర మీద పెద్దగా కదలిక ఉండదు కాబట్టి ఆ భాగం తేలిగ్గా ఉంటుంది. లైట్లు మారుతూ పదిమంది ఒకేసారి ఆడే చోట నిమిషానికి ఎక్కువ ఎంబీలు పడతాయి. నాలుగు ముక్కలైతే సగటు 1.8 జీబీ, నాట్యం ఎక్కువున్న ముక్క 2 దాటినా ఆశ్చర్యం లేదు. ఐదు చేయండి, సగటు 1.44కి దిగుతుంది.

మీ వీడియో మొత్తం 12,005 సెకన్లు. అయిదో వంతు 2,401. ఇక్కడ 2,400 అని గుండు సున్నా వేస్తే చివర్లో ఐదు సెకన్ల ఆరో ఫైల్ పుట్టుకొస్తుంది. అందుకే కాస్త పైకి, 2,405 తీసుకుందాం. కంప్యూటర్‌లో ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే ఉచిత ప్రోగ్రాం వేసుకుని, వీడియో ఉన్న ఫోల్డర్‌లో ఇలా టైప్ చేయండి:

```
ffmpeg -i natyam.mp4 -c copy -f segment -segment_time 2405 -reset_timestamps 1 part%d.mp4
```

ఇందులో `-c copy` ముఖ్యం. వీడియోను మళ్లీ తయారుచేయకుండా ఉన్నది ఉన్నట్టు కోస్తుంది కాబట్టి నాణ్యత తగ్గదు, పని త్వరగా అవుతుంది. దానికో పరిమితి ఉంది. పూర్తి బొమ్మ ఉన్న ఫ్రేమ్, అంటే కీఫ్రేమ్, దగ్గరే కోయగలదు. అవి కొన్ని సెకన్లకొకటి వస్తాయి కాబట్టి కోత చెప్పిన చోటికి కాస్త అవతల పడొచ్చు. దీనివల్ల ఏమీ పోదు, ఆగిన చోటి నుంచే తర్వాతి ముక్క మొదలవుతుంది.

పంపేముందు ఐదింటి సైజులూ చూడండి. ఏదైనా 2 జీబీ దాటితే 2405 బదులు 2005 పెట్టండి, ఆరు ముక్కలవుతాయి. వాట్సాప్‌లో వీడియోగా కాకుండా డాక్యుమెంట్‌గా జోడించండి. లేకపోతే అది కుదించి నాణ్యత తగ్గిస్తుంది.

ప్రశ్న: నేను `-fs 1900M` వాడాను. మొదటి ముక్క సరిగ్గానే వచ్చింది, మిగతావి రాలేదే?
– ఒక పాఠకుడు, మియాపూర్

జవాబు: రావు. ఆ ఆప్షన్ పని సైజు నిండగానే ఆగిపోవడం వరకే. మిగతా వీడియోను పట్టించుకోదు. మొదటి ముక్క నిడివి చూసుకుని, `-ss` తర్వాత ఆ సెకన్లు రాసి మళ్లీ నడపాలి. ప్రతి ముక్కకీ ఇదే తంతు. పైన చెప్పిన పద్ధతే మీకూ నయం.