లూమ్ లింక్ పంపేముందు ఇది చెక్ చేయండి

ఫ్రెండ్‌కి ఫోన్ బ్యాకప్ సెట్టింగ్స్ చూపిద్దామని లూమ్‌లో మూడు నిమిషాల వీడియో రికార్డ్ చేశా. ఫుల్ స్క్రీన్ ఎంచుకున్నా, దాంతో మధ్యలో వచ్చిన బ్యాంక్ మెయిల్ నోటిఫికేషన్ కూడా పడింది. వాడేమో లింక్‌ని కాలేజీ గ్రూపులో పెట్టాడు. లాగిన్ లేకుండానే అందరికీ ఓపెన్ అయింది! తప్పు నాదే, Shareలో "Anyone with the link" అలాగే వదిలేశా.

ఇప్పుడు ఒక్క ట్యాబ్‌నే రికార్డ్ చేస్తున్నా. ఆపగానే లింక్ రెడీ అవుతుంది కదా, వెంటనే పంపేయను. ముందు Share తెరిచి ఆ ఆప్షన్ మార్చి, చూడాల్సినవాళ్ల మెయిల్ ఐడీలే యాడ్ చేస్తా. తర్వాత ఇన్‌కాగ్నిటో విండోలో అదే లింక్ ఓపెన్ చేస్తా. లాగిన్ అడిగితే ఓకే, నేరుగా ప్లే అయితే ఇంకా అందరికీ తెరిచే ఉన్నట్టు. పాస్‌వర్డ్ పెట్టాలంటే మాత్రం పెయిడ్ ప్లాన్ కావాలి.