భద్రాద్రిలో గారెల బండి: పిండి నుంచి పొట్లం దాకా తరచూ అడిగే ప్రశ్నలు

ఖమ్మం, కొత్తగూడెం, భద్రాచలం వైపు టిఫిన్ బండి పెట్టాలనుకునేవారి కోసం ఈ ప్రశ్నలు, జవాబులు. లెక్కలన్నీ కిలో మినపగుళ్లకు చెప్పినవి. ఒక్కొక్కటి 40 గ్రాముల చొప్పున వేస్తే 50 పైచిలుకు గారెలు వస్తాయి.

పప్పు ఎంతసేపు నానాలి?

చలికాలంలో నాలుగు గంటలు, మన ఎండల్లో రెండున్నర నుంచి మూడు గంటలు. రాత్రంతా నానితే పప్పు నీరు ఎక్కువ పట్టి, గారె నూనె పీలుస్తుంది. నానాక జల్లెడలో వేసి, నీరంతా ఓడిపోయేదాకా ఆగి అప్పుడు రుబ్బండి.

పిండి ఎంత గట్టిగా ఉండాలి?

రుబ్బేటప్పుడు చల్లటి నీళ్లు కొద్దికొద్దిగా చిలకరించండి. మొత్తం మీద పావు లీటరుకు అటూఇటుగా సరిపోతుంది. గరిటెతో తీసి తిప్పితే పిండి జారిపోకుండా ముద్దగా పడాలి. మిక్సీలో పిండి వేడెక్కి జిగురుగా మారుతుంది కాబట్టి ఆపి ఆపి తిప్పాలి. ఎక్కువ పిండికి గ్రైండరే మేలు. ఉప్పు ముందే వేస్తే పిండి నీరు వదిలి పలచబడుతుంది. అందుకే ఉప్పు, ఉల్లి, మిర్చి, అల్లం, కరివేపాకు నూనెలో వేసే ముందు మాత్రమే కలపాలి.

గ్రైండర్‌లో నలిగాక మళ్లీ చేత్తో గిలకొట్టడం ఎందుకు?

మినప్పప్పులోని మాంసకృత్తులు, జిగురు గాలి బుడగలను పట్టి ఉంచుతాయి. వేడి నూనెలో ఆ బుడగలు ఉబ్బి గారెను లోపల మెత్తగా, గుల్లగా చేస్తాయి. అడుగు నుంచి పైకి ఎత్తుతూ ఐదు నుంచి ఎనిమిది నిమిషాలు గిలకొట్టండి. పిండి తెల్లబడి తేలికవుతుంది. చిటికెడు తీసి గిన్నెడు నీళ్లలో వేస్తే తేలాలి. మునిగితే ఇంకా కొట్టాలి. కొట్టిన పిండిని గంటల తరబడి ఉంచితే గాలి పోతుంది, కాబట్టి బేరాన్ని బట్టి విడతలుగా కొట్టుకోండి. గాలి చాలక వంటసోడా వేస్తే గుల్లగా వస్తుంది కానీ నూనె బాగా తాగుతుంది.

చెయ్యి ఎందుకు తడపాలి?

తడి చేతికి పిండి అంటుకోదు. నీళ్ల గిన్నెలో వేళ్లు ముంచి, విదిలించి, ముద్ద తీసుకుని బొటనవేలితో నడిమిన చిల్లు పెట్టి నూనెలోకి జార్చండి. ప్రతి గారెకూ చెయ్యి తడుపుకోవాలి. నీళ్లు కారుతున్న చెయ్యి నూనె మీదికి తేవద్దు, చిందుతుంది. చిల్లు వల్ల లోపలి భాగానికీ వేడి అందుతుంది.

పైన కరకరలాడాలంటే?

నూనె 170 నుంచి 180 డిగ్రీల వేడిలో ఉండాలి. చుక్క పిండి వేస్తే ముందు మునిగి, వెంటనే బుడగలతో పైకి రావాలి. వేయగానే నల్లబడితే మంట ఎక్కువ, లోపల పచ్చిగా ఉంటుంది. పైకి రాకపోతే వేడి చాలదు, నూనె తాగుతుంది. ఒకేసారి ఎక్కువ వేస్తే కూడా నూనె చల్లారుతుంది.

పిండి పలచనైతే దిద్దుకోవచ్చా?

కొంతవరకు. రెండు, మూడు చెంచాల బియ్యప్పిండి కలిపి, అరగంట ఫ్రిజ్‌లో పెట్టండి. అంతకంటే జారుగా ఉంటే గారెలు మానేసి పునుగులు వేసుకోవడమే మంచిది.

మిగిలిన నూనె మర్నాడు వాడొచ్చా? నిబంధన ఏమిటి?

2018 జులై 1 నుంచి అమల్లో ఉన్న ఆహార భద్రతా నిబంధన ప్రకారం, వేయించే నూనెలో టోటల్ పోలార్ కాంపౌండ్లు 25 శాతం దాటితే ఆ నూనె వాడకూడదు. నురగ, చిక్కదనం, నల్లటి రంగు, ఘాటు పొగ కనిపిస్తే నూనె చెడినట్టే. పిండిలో నీళ్లు ఎక్కువైతే నూనె త్వరగా చెడిపోతుంది. పిండి గట్టిగా ఉంటే గారెతో పాటు నూనె ఖర్చూ బాగుపడుతుంది. బండి ఎంత చిన్నదైనా ఆహార భద్రతా శాఖలో రిజిస్ట్రేషన్ తప్పనిసరి.

గారెలు పేపర్లో కట్టివ్వొచ్చా?

వద్దు. 2018 నాటి ప్యాకేజింగ్ నిబంధనలు ఆహారాన్ని వార్తాపత్రికల్లో చుట్టడాన్ని నిషేధించాయి. సిరా నూనెలోకి దిగుతుంది. ఏజెన్సీలో పేపరుకు బదులు అడ్డాకు విస్తరి ఉంది.

అడ్డాకులు అడవిలోంచి మేమే కోసుకోవచ్చా?

అడవి ఫలసాయాన్ని సేకరించి, వాడుకుని, అమ్ముకునే హక్కును 2006 నాటి అటవీ హక్కుల చట్టం అడవిలో బతికే గిరిజనులకు, ఆ చట్టం గుర్తించిన ఇతర సంప్రదాయ అటవీవాసులకు ఇచ్చింది. బయటి నుంచి వచ్చిన వ్యాపారికి ఆ హక్కు లేదు. సంతలో వారి దగ్గరే కొనండి.

నూనె పాతదని కొన్నవారికి అనుమానం వస్తే?

జిల్లా ఆహార భద్రతా అధికారికి ఫిర్యాదు చేయవచ్చు. ఆహార భద్రతా చట్టంలోని 40వ సెక్షన్ ప్రకారం రుసుము కట్టి, కొన్న ఆహారాన్ని పరీక్ష చేయించుకునే హక్కు కూడా కొన్నవారికి ఉంది.