లంగరు: పంక్తిలో సమత్వం

విందులో వరుసగా కూర్చుండుటను మనం ‘బంతి’ అంటాము. ఇది సంస్కృతంలోని ‘పంక్తి’ శబ్దానికి వికృతి. పంజాబీలో అదే శబ్దం ‘పంగత్’ అయినది. సిక్కు గురుద్వారాలలో నిత్యం జరిగే ఉచిత సామూహిక భోజనానికి ‘లంగరు’ అని పేరు. ఆ లంగరుకు ప్రాణం ఈ పంగత్తే.

పంక్తి అనునది కేవలం కూర్చునే వరుస కాదు. మనుస్మృతి తృతీయాధ్యాయంలో శ్రాద్ధ భోజన ప్రకరణమున్నది. అందులో పంక్తిని పవిత్రం చేసేవారు పంక్తిపావనులనీ, పంక్తికి తగనివారు అపాంక్తేయులనీ విభాగం కనిపిస్తుంది. అనగా ఎవరు ఎవరితో సమానులో తేలేది పంక్తిలోనే. సిక్కు గురువులు ఆ పంక్తినే చేపట్టి, అందులో ‘తగనివారు’ అన్న మాట లేకుండా చేశారు.

లంగరును గురు నానక్ (1469–1539) ప్రారంభించారు. మూడవ గురువు అమర్‌దాస్ గోయింద్‌వాల్‌లో దానికి ఒక నియమం చేర్చారు. గురుదర్శనానికి వచ్చినవారు ముందుగా పంగత్‌లో కూర్చుని భుజించాలి, ఆ పిమ్మటనే సత్సంగంలో ప్రవేశం. అక్బరు పాదుషా సైతం ఇట్లే నేలపై కూర్చుని భుజించాడని సిక్కుల సంప్రదాయ కథనం. ఈ క్రమానికి కారణం స్పష్టమే. సర్వులూ ఈశ్వరుని బిడ్డలని చెవితో వినడం సులభం. పక్కన ఎవరున్నదీ విచారించక అన్నం తినడం కష్టం. కష్టమైన దానినే గురువు ముందుంచారు.

ఈ పద్ధతిని చూడటానికి మనం పంజాబు దాకా పోనక్కరలేదు. గురు గోవింద్ సింగ్ 1708లో దేహం చాలించిన నాందేడు మన గోదావరి తీరమందే ఉన్నది. 1956 వరకు అది ఓరుగల్లుతో పాటు హైదరాబాదు రాష్ట్రంలోనిదే. అక్కడ ‘లంగర్ సాహిబ్’ అనే పేరుతోనే ఒక గురుద్వారా గలదు. భోజనానికి వచ్చినవారు పాదరక్షలు విడిచి, శిరస్సుపై వస్త్రం కప్పుకొని, చేతులు కడుగుకొని, నేలపై పరచిన పొడవైన పట్టాలపై వరుసగా కూర్చుంటారు. రొట్టెను దోసిలి పట్టి ప్రసాదంగా స్వీకరిస్తారు. పప్పు, కూర, అన్నం అందరికీ ఒకటే. ఎవరికీ అభ్యంతరం ఉండకూడదని వంట శాకాహారమే. పిండి కలిపేవారు, వడ్డించేవారు, పాత్రలు తోమేవారు భక్తులే. ఆ పనికి ‘సేవ’ అని పేరు. దానికి కుల నియమం లేదు.

మన దేశంలో అన్నదానం కొత్త కాదు గదా, ఇందులో విశేషమేమని కొందరు అడుగవచ్చు. అందుకు మన కాకతీయుల కాలం నాటి మల్కాపురం శాసనాన్ని చూడాలి. రుద్రమదేవి ఏలుబడిలో 1261లో వెలసిన ఆ శాసనం గోళకీమఠాచార్యుడైన విశ్వేశ్వర శివాచార్యుల ధర్మకార్యాలను వర్ణిస్తుంది. బ్రాహ్మణుడు మొదలు చండాలుని వరకు వచ్చిన వారందరికీ ఎల్లవేళలా అన్నం పెట్టాలని అందులో విధించారు. అది మహోదారమైన విధి. అయితే అదే శాసనంలో విప్రసత్రం వేరుగా పేర్కొనబడింది. అన్నం అందరికీ ఉన్నది, పంక్తి మాత్రం ఒకటి కాదు. పల్నాట బ్రహ్మనాయుడు చాపకూటితో ఆ గీతను చెరిపి, అన్ని కులాల వారిని ఒకే చాపపై కూర్చుండబెట్టాడని ప్రసిద్ధి. లంగరుకు మన తెలుగునాట సన్నిహితమైనది ఆ చాపకూడే.

నియమం ఉన్నంత మాత్రాన సమత్వం నిలిచిపోదు. 1920 అక్టోబరు 12న, సిక్కు దీక్ష పొందిన నిమ్నకులస్థులు కొందరు అమృత్‌సర్ దర్బారు సాహిబుకు కడా ప్రసాదం తీసుకొనివెళ్లగా, పూజారులు దానిని స్వీకరించ నిరాకరించారు. వాదోపవాదాలు జరిగిన పిమ్మట గురుగ్రంథసాహిబును తెరచి చూశారు. అందులో వచ్చిన వాక్యం వారికి అనుకూలంగా ఉండటంతో ప్రసాదం స్వీకరింపబడింది. అన్నం పంచే చోట సమత్వం ఉన్నా, అన్నం పుచ్చుకునే చోట అది లోపించగలదని ఈ ఘటన తెలుపుతున్నది. అందుకే లంగరులో తినేవాని స్థానంతో పాటు వండే చేయి కూడా ముఖ్యం. ఎవరి చేతి అన్నమైనా ఎవరైనా తినాలి.

‘వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదు’ అని మన సామెత. అందులో వడ్డించేవాని పక్షపాతం, బంతుల నడుమ తారతమ్యం రెండూ దాగి ఉన్నాయి. లంగరు నడిచే తీరులో ఈ సామెతకు చోటు లేదు. ఏ అన్నదాన శాలలోనైనా సమత్వమున్నదీ లేనిదీ తెలుసుకోవడానికి మూడు ప్రశ్నలు చాలును. దాతలకు, అధికారులకు వేరు బంతి ఉన్నదా? వంటశాలలోకి ఎవరికి ప్రవేశం లేదు? చివరి బంతికీ మొదటి బంతికీ వడ్డించిన పదార్థాలు ఒకటేనా? మన ఆలయాలలో అన్నదానం చేయించే భక్తులు ఈ ప్రశ్నలను ఒకసారి అడిగి చూడవలసినదిగా నా విన్నపం.